పీఓ ఇంటర్వ్యూకి మూడు వారాలే ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: సర్, నేను మెకానికల్ బీటెక్, 2022 పాసౌట్. మాది పల్నాడు జిల్లా, నాన్న మిరప రైతు. ఐబీపీఎస్ పీఓ మెయిన్స్ క్లియర్ అయ్యాను, ఇంటర్వ్యూకి మూడు వారాలు ఉంది. కరెంట్ అఫైర్స్ ఎన్ని నెలలవి చదవాలి? బ్యాంకింగ్ అవేర్‌నెస్ పీడీఎఫ్ 400 పేజీలు ఉంది, మొత్తం చదవాలా? "వై బ్యాంకింగ్" అంటే ఏం చెప్పాలో అసలు తెలియడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

ఆ పీడీఎఫ్ కాసేపు పక్కన పెట్టండి. ఒక తెల్లకాగితం తీసుకుని మీరు పైన రాసిన వివరాలే ఒక్కొక్కటిగా రాయండి: మెకానికల్, 2022, పల్నాడు, మిరప రైతు. ఇంటర్వ్యూలో మీకు వచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా ఈ నాలుగు మాటల నుంచే పుడతాయి. నేను ప్రభుత్వరంగ బ్యాంకులో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను, అందులో ఎక్కువ కాలం పల్లెటూరి బ్రాంచీల్లోనే. నాలుగేళ్లుగా పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు చేస్తున్నాను. అక్కడ చూసింది చెబుతాను.

ముందు మార్కుల సంగతి. ఐబీపీఎస్ పీఓలో ఇంటర్వ్యూకి 100 మార్కులు. క్వాలిఫై కావాలంటే 40 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 35 శాతం. ఫైనల్ లిస్టులో మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 వెయిటేజీ. అంటే ఇంటర్వ్యూలో 55 వచ్చిన వాళ్లకీ 70 వచ్చిన వాళ్లకీ ఫైనల్‌లో తేడా మూడు మార్కులు. చిన్నదిగా కనిపిస్తుంది కానీ కటాఫ్ దగ్గర ఒక్కో మార్కులో ఎంతమంది కిక్కిరిసి ఉంటారో ప్రిలిమ్స్‌లోనే చూసి ఉంటారు. కోరుకున్న బ్యాంకు రావడమా, నాలుగో ఆప్షన్‌తో సరిపెట్టుకోవడమా అన్నది చాలాసార్లు ఆ మూడు మార్కుల మీదే తేలుతుంది.

బోర్డులో నలుగురైదుగురు ఉంటారు. వాళ్లు మిమ్మల్ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చేతిలో ఉండేది మీ బయోడేటా ఒక్కటే. పది పదిహేను నిమిషాల్లో ఒక మనిషిని అంచనా వేయాలి, కాబట్టి ఆ కాగితం మీద ఏ మాట కనిపిస్తే దాన్ని పట్టుకుని లాగుతారు. మొదటి ప్రశ్న మామూలుగానే ఉంటుంది. మీరిచ్చిన జవాబులోంచి రెండోది, దాంట్లోంచి మూడోది వస్తాయి. పిల్లలు ఎక్కువగా ఆ మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే వాళ్లు సిద్ధం చేసుకున్నది మొదటి ప్రశ్నకే.

అందుకే "వై బ్యాంకింగ్" తోనే మొదలుపెడతాను. దాన్ని విడి ప్రశ్నగా చూడకండి. అక్కడ మీరు ఏ మాట చెబితే మిగతా ఇంటర్వ్యూ ఆ దారినే నడుస్తుంది.

పోయిన సీజన్‌లో మాక్‌కి ఒకమ్మాయి వచ్చింది, ఈసీఈ చదివింది. వై బ్యాంకింగ్ అనగానే "బ్యాంకింగ్ డైనమిక్ సెక్టర్, దేశ ఆర్థిక వ్యవస్థకి వెన్నెముక, ప్రజలకు సేవ చేసే అవకాశం ఉంటుంది" అని గడగడా చెప్పింది. నా పక్కనున్న పెద్దాయన నెమ్మదిగా అడిగారు: "ఏ సేవమ్మా? మీ ఊరి బ్రాంచిలో ఎవరికి ఏ సేవ జరగడం చూశావు, ఒక్కటి చెప్పు." అమ్మాయి నోట మాట రాలేదు. తెలివి తక్కువై కాదు. ఆ జవాబులో ఆమె సొంతమైనది ఒక్కటీ లేదు, తడుముకుందామన్నా చేతికి ఏమీ తగల్లేదు.

"జాబ్ సెక్యూరిటీ కోసం" అనేది నిజాయితీగల జవాబే. అందులో తప్పేమీ లేదు, బోర్డులో కూర్చున్న వాళ్లలో చాలామంది ఆ మాట మీదే వచ్చారు. కాకపోతే అది ఏ ప్రభుత్వ ఉద్యోగానికైనా సరిపోతుంది. "అలాగైతే రైల్వే ఎందుకు రాయలేదు?" అంటే మళ్లీ ఆగిపోతారు. దాన్ని చివర్లో ఒక మాటగా అనొచ్చు, ముందు మాత్రం పెట్టకండి.

మీ విషయంలో చెప్పడానికి చాలా ఉంది. మీ నాన్నగారికి బ్యాంకులో పంట రుణం ఉండే ఉంటుంది. ఒకవేళ లేకపోతే, ఎందుకు లేదో, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారో కనుక్కోండి. అది ఇంకా గట్టి జవాబవుతుంది. మెకానికల్ చదివారు కాబట్టి యంత్రం మీద అప్పు అడిగేవాడి ప్రాజెక్టు రిపోర్టు మీకు తొందరగా అర్థమవుతుంది. ఈ రెండూ, పీఓ రోజూ చేసే పనీ కలిస్తే జవాబు తయారవుతుంది. ఇలా అనుకోండి:

"మా నాన్నగారు రెండెకరాల్లో మిరప వేస్తారు. బ్యాంకు లోన్ రాకముందు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవారు. కిసాన్ క్రెడిట్ కార్డు వచ్చాక ఆ వడ్డీ ఎంత తగ్గిందో ఇంట్లో చూశాను. ఒక అప్పు సరైన వాళ్లకు, సరైన సమయంలో అందితే ఏం జరుగుతుందో అలా తెలిసింది. నేను చదివిన మెకానికల్, చిన్న పరిశ్రమలకి లోన్ ఇచ్చేటప్పుడు యంత్రం ధర, సామర్థ్యం అంచనా వేయడానికి ఉపయోగపడుతుంది. పీఓ పనిలో అప్పు పరిశీలన, ఫీల్డ్ విజిట్, వసూళ్లు ఉంటాయని మా బ్రాంచిలో ఆఫీసర్‌ని కలిసి తెలుసుకున్నాను. ఆ పని నాకు నచ్చింది."

దీన్ని బట్టీ పట్టకండి. మీ ఇంటి వడ్డీ మీ ఇంటి లెక్కే కావాలి, నేను రాసిన రెండు రూపాయలు వద్దు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం అని కూడా తెలిసి ఉండాలి, వెంటనే అడుగుతారు. ఇక ఆఫీసర్‌ని కలిశానని చెప్పాలంటే నిజంగా కలవాలి. ఈ వారంలోనే మీ ఊరి బ్రాంచికి ఉదయం పూట వెళ్లండి. ఇంటర్వ్యూ ఉందని చెబితే చాలామంది ఓ పావుగంట మాట్లాడతారు. క్యాష్ సేఫ్ తాళాలు ఇద్దరి దగ్గర ఎందుకుంటాయో అడగండి. ఒకరు ఒక తాళంతో తీయలేరు, ఇద్దరూ ఉంటేనే తెరుచుకుంటుంది, దాన్ని జాయింట్ కస్టడీ అంటారు. కంప్యూటర్‌లో కూడా క్లర్కు ఎంట్రీ వేస్తే ఆఫీసర్ చూసి పాస్ చేయాలి. మేకర్, చెకర్ అనేది ఇదే. "పీఓగా చేరిన మొదటి నెలలో ఏం చేస్తావు?" అన్న ప్రశ్నకు కళ్లతో చూసినవాడి జవాబు వేరేగా ఉంటుంది. బోర్డు దాన్ని ఇట్టే గుర్తుపడుతుంది.

వై బ్యాంకింగ్ తర్వాత మీకు దాదాపు ఖాయంగా వచ్చే ప్రశ్నలు మూడు. మొదటిది, "ఇంజినీరింగ్ సీటు ఒకటి వృథా చేశావు కదా?" దీనికి పైన చెప్పిన యంత్రం మాటని లెక్కతో కలిపి చెప్పండి. మీ జిల్లా నుంచే తీసుకుందాం. ఒకాయన కారం పొడి యూనిట్ పెడతానని వచ్చాడు, ఏడాదికి 50 లక్షల అమ్మకాలు అంచనా. చిన్న యూనిట్లకు వర్కింగ్ క్యాపిటల్‌ని టర్నోవర్ పద్ధతిలో లెక్కిస్తారు. అమ్మకాల్లో 25 శాతం, అంటే పన్నెండున్నర లక్షలు వర్కింగ్ క్యాపిటల్ అవసరం. అందులో అమ్మకాల మీద 5 శాతం, రెండున్నర లక్షలు, ఆయన సొంతంగా పెట్టుకోవాలి. మిగతా 20 శాతం, పది లక్షలు బ్యాంకు ఇస్తుంది. నాయక్ కమిటీ పద్ధతి అంటారు దీన్ని. ఇక ఇంజినీరు చూడాల్సింది ఆ 50 లక్షల అంచనా దగ్గర. ఆ గ్రైండింగ్ మెషిన్ గంటకు ఎన్ని కిలోలు ఆడుతుంది, రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది, ఏడాదిలో ఎన్ని రోజులు? ఆ లెక్కతో 50 లక్షల సరుకు బయటికి వస్తుందా? రాకపోతే అంచనా కాగితం మీద పెంచి రాశారన్నమాట. ఈ ఒక్క ఉదాహరణ చెప్పగలిగితే మెకానికల్ ప్రశ్న అక్కడితో తీరిపోతుంది.

రెండోది, 2022 నుంచి ఏం చేశారని. ప్రిపరేషన్ అయితే ప్రిపరేషనే అని చెప్పండి. ఎన్ని పరీక్షలు రాశారు, ఎక్కడ పోయింది, ఈసారి ఏం మార్చారు అని రెండు వాక్యాల్లో చెప్పి ఆపండి. పొలం పనుల్లో సాయం చేసి ఉంటే అది కూడా చెప్పండి. ఉద్యోగం చేశానని లేనిది మాత్రం చెప్పొద్దు, తర్వాత సర్టిఫికెట్ అడుగుతారు.

మూడోది, "జార్ఖండ్‌లో ఒక పల్లెలో వేస్తే వెళ్తావా?" వెళ్తానని ఒక్క మాటలో చెబితే "భాష?" అంటారు. హిందీ ఎంత వచ్చో ఉన్నదున్నట్టు చెప్పి, కస్టమర్ భాష రాకుండా పల్లె బ్రాంచిలో వసూళ్లు చేయలేనని నాకు తెలుసు, అందుకే నేర్చుకుంటానని చెప్పండి. ఇంట్లో ఈ మాట ముందే మాట్లాడుకుని వెళ్లడం మంచిది.

ఇప్పుడు బ్యాంకింగ్ అవేర్‌నెస్. వై బ్యాంకింగ్ జవాబులో నాన్నగారి పంట రుణం గురించి ప్రస్తావిస్తారు కాబట్టి బోర్డు దాన్ని వదలదు. కిందటేడు మీలాగే ఒక రైతుబిడ్డ మాక్‌లో చక్కగా మొదలుపెట్టాడు. "మీ నాన్నగారి లిమిట్ ఎంత?" అంటే తెలియదన్నాడు. "వడ్డీ ఎంత?" అంటే "నాలుగు శాతం సార్" అన్నాడు. "ఏడు కదా?" అంటే తికమకపడ్డాడు. "కట్టకపోతే ఎన్ని రోజులకు ఎన్‌పీఏ?" అంటే "90 రోజులు" అన్నాడు. మూడు జవాబుల్లో రెండు తప్పాయి, ఉన్న ఒక్కటీ నిలబెట్టుకోలేకపోయాడు. తన ఇంటి అప్పు సంగతే తెలియనివాడు ఊరందరి అప్పులూ ఏం చూస్తాడని ఎవరికైనా అనిపిస్తుంది. కాబట్టి మీరు ఆ ఒక్క లోన్‌ని మొదటినుంచి చివరిదాకా తెలుసుకోండి. అవేర్‌నెస్ పుస్తకంలో సగం దాంట్లోనే ఉంది.

మొదట లిమిట్. ప్రతి జిల్లాలో ఒక్కో పంటకు ఎకరానికి ఎంత ఇవ్వాలో జిల్లా స్థాయి టెక్నికల్ కమిటీ నిర్ణయిస్తుంది. దాన్ని స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటారు. మీ జిల్లా మిరప అంకె బ్రాంచిలో అడిగి తెలుసుకోండి. లెక్క తేలిగ్గా ఉండటానికి ఎకరానికి లక్ష అనుకుందాం. రెండెకరాలకు 2 లక్షలు. దానిమీద కోత తర్వాత ఖర్చులకూ ఇంటి ఖర్చులకూ 10 శాతం, అంటే 20 వేలు. పొలంలోని మోటారు, పైపుల్లాంటి వాటి నిర్వహణకి 20 శాతం, అంటే 40 వేలు. మొత్తం 2 లక్షల 60 వేలు. పంట బీమా ప్రీమియం ఉంటే అదీ కలుస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డు మొదటి ఏడాది లిమిట్ ఇలా వస్తుంది.

తర్వాత తాకట్టు. వ్యవసాయ రుణాల్లో ఒక్కొక్కరికి 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదని 2025 జనవరి 1 నుంచి ఆర్‌బీఐ నియమం. అంతకుముందు అది 1 లక్షా 60 వేలు. మన లెక్కలో 2 లక్షల 60 వేలు కాబట్టి మామూలుగా భూమి మార్టిగేజ్ అడుగుతారు. మీ నాన్నగారు పట్టాదారు పాస్‌బుక్, 1బీ, అడంగల్ ఎందుకు పట్టుకెళ్లారో ఇప్పుడు మీకు అర్థమవుతుంది.

వడ్డీ దగ్గరే ఆ అబ్బాయి తడబడ్డాడు. ఏడూ నిజమే, నాలుగూ నిజమే. 3 లక్షల వరకు స్వల్పకాలిక పంట రుణానికి కేంద్రం బ్యాంకుకి వడ్డీ రాయితీ ఇస్తుంది, అందుకే రైతుకు 7 శాతం పడుతుంది. గడువులోపు కట్టిన వాళ్లకు ఇంకో 3 శాతం తగ్గుతుంది. కాబట్టి నికరంగా 4. రెండు లక్షలు ఏడాది వాడుకుంటే 14 వేల వడ్డీ, సమయానికి కడితే 8 వేలు. "సకాలంలో కడితే నాలుగు" అనే ఆ రెండు అదనపు మాటలే అక్కడ మార్కులు.

ఇక ఎన్‌పీఏ. టర్మ్ లోన్‌లో అసలుగానీ వడ్డీగానీ 90 రోజులకు మించి బాకీ పడితే ఎన్‌పీఏ. అక్కడిదాకా వచ్చే లోపు 30 రోజుల వరకు ఎస్‌ఎంఏ-0, 60 వరకు ఎస్‌ఎంఏ-1, 90 వరకు ఎస్‌ఎంఏ-2 అని హెచ్చరిక మెట్లుంటాయి. పంట రుణానికి ఈ 90 రోజుల లెక్క పెట్టరు. రైతుకు నెలనెలా ఆదాయం రాదు, పంట చేతికొస్తేనే డబ్బు. అందుకని స్వల్పకాలిక పంటలకు గడువు తేదీ దాటాక రెండు పంట కాలాలు, ఏడాదికి మించిన దీర్ఘకాలిక పంటలకు ఒక పంట కాలం చూస్తారు. ఏ పంట కాలం ఎన్నాళ్లో రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ నిర్ణయిస్తుంది. ఆంధ్రలో ఆ కమిటీకి కన్వీనర్ యూనియన్ బ్యాంక్, తెలంగాణలో ఎస్‌బీఐ. మిరప ఏడాదిలోపు పంట కాబట్టి రెండు పంట కాలాలు.

ఇక్కడి నుంచి బోర్డు ఇంకొంచెం లోతుకు వెళ్లొచ్చు. "ఎన్‌పీఏ అయింది, మార్టిగేజ్ ఉంది. సర్‌ఫేసీ చట్టం కింద ఆ పొలం స్వాధీనం చేసుకుంటారా?" 2002 నాటి ఆ చట్టంలో బ్యాంకు 60 రోజుల నోటీసిచ్చి, కోర్టుకు వెళ్లకుండానే ఆస్తి తీసుకోవచ్చు. అయితే వ్యవసాయ భూమికి అది వర్తించదు. పొలం మీద వసూలు చేయాలంటే సివిల్ కోర్టు దారి, బాకీ 20 లక్షలకు తగ్గకపోతే అప్పుల వసూలు ట్రిబ్యునల్, అంటే డీఆర్‌టీ. ఇది తెలిసిన అభ్యర్థులు మాక్‌లో నాకు పదిమందిలో ఒకరైనా తగల్లేదు. మీరు చెబితే బోర్డు తల పైకెత్తి చూస్తుంది.

ఇలా చదివితే ఒకదాని నుంచి ఒకటి వస్తుంది. పంట రుణం ప్రయారిటీ సెక్టర్ కిందకి వస్తుంది కదా, వాణిజ్య బ్యాంకులకు ఆ టార్గెట్ మొత్తం 40 శాతం, అందులో వ్యవసాయానికి 18. బ్యాంకు దివాలా తీస్తే డిపాజిటర్‌కి డీఐసీజీసీ బీమా ఐదు లక్షల వరకు. ఆర్టీజీఎస్ రెండు లక్షల నుంచి, చెక్కు చెల్లుబాటు మూడు నెలలు. ఇలాంటివి మీ పీడీఎఫ్‌లో ఓ యాభై పేజీల్లో ఉంటాయి, అవి చాలు. బాసెల్ చట్రం లోతుల్లోకి, డెరివేటివ్స్‌లోకి ఇప్పుడు వెళ్లకండి. ఫ్రెషర్ పీఓని సాధారణంగా అంత దూరం లాగరు, మీరే ఆ మాట ఎత్తితే తప్ప.

మొదటి ఆప్షన్‌గా పెట్టిన బ్యాంకు గురించీ, ఇంటర్వ్యూ చేసే బ్యాంకు గురించీ హెడ్ ఆఫీస్, ప్రస్తుత ఎండీ, ఇటీవలి త్రైమాసికంలో గ్రాస్ ఎన్‌పీఏ శాతం తెలుసుకోండి. మన ప్రాంతం వాళ్లను ఆంధ్రా బ్యాంక్ గురించి అడగడం మామూలే. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించారు. 1980లో రెండో విడత జాతీయకరణలో ప్రభుత్వపరమైంది. 2020 ఏప్రిల్ 1న కార్పొరేషన్ బ్యాంక్‌తో పాటు యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. మీ జిల్లాకు లీడ్ బ్యాంకు ఏదో కూడా చూసుకోండి.

కరెంట్ అఫైర్స్‌కి ఆరు నెలలు చాలు. కానీ మెయిన్స్‌కి చదివినట్టు చదవద్దు. ఎవరికి ఏ అవార్డు, ఏ దేశంలో ఏ సదస్సు అని అడిగేది తక్కువ. బ్యాంకు మీద, కస్టమర్ మీద పడే నాలుగైదు వార్తలు తీసుకుని ఒక్కో దాన్ని "దీనివల్ల బ్రాంచిలో ఏం మారుతుంది?" అన్నదాకా చదవాలి. రెపో రేటునే చూడండి, ఈసారి ఇది రాకుండా ఏ బోర్డూ ఉండదు.

2025 ఫిబ్రవరిలో ఆర్‌బీఐ రెపోని 6.50 నుంచి 6.25కి తగ్గించింది. ఏప్రిల్‌లో 6, జూన్‌లో 5.50, డిసెంబరులో 5.25. ఏడాదిలో మొత్తం 1.25 శాతం. ఇంతవరకు అందరూ చెబుతారు. తర్వాతి ప్రశ్న: "మీ ఊళ్లో హోమ్ లోన్ ఉన్న టీచర్‌కి ఏం లాభం?" బ్యాంకులు 2019 అక్టోబరు నుంచి కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లను బయటి బెంచ్‌మార్క్‌కి, ఎక్కువగా రెపోకే ముడిపెడుతున్నాయి. కాబట్టి తగ్గింపు మూడు నెలల్లోపు ఆ లోన్‌లోకి వచ్చి తీరాలి. ఇరవై లక్షలు, ఇరవై ఏళ్లు, వడ్డీ ఎనిమిదిన్నర అయితే ఈఎంఐ సుమారు 17,360. అదే ఏడుంపావుకు దిగితే సుమారు 15,810. నెలకు పదిహేను వందల పైచిలుకు మిగులుతుంది. అయితే బ్యాంకులు చాలావరకు ఈఎంఐ అలాగే ఉంచి వాయిదాల సంఖ్య తగ్గిస్తాయి. అందుకే ఆ టీచరు బ్రాంచికి వచ్చి "రేటు తగ్గిందన్నారు, నా ఈఎంఐ మారలేదేం?" అని అడుగుతాడు. కౌంటర్‌లో ఉన్న పీఓగా మీరు చెప్పాల్సింది ఈ మాటే.

ఆ తర్వాత ఇంకో మెట్టు: "మరి రెపో తగ్గితే బ్యాంకుకి లాభమా నష్టమా?" చాలామంది లాభమే అంటారు, లోన్లు పెరుగుతాయని. కొంతకాలం గడిచాక అది నిజం కావచ్చు. మొదట్లో మాత్రం మార్జిన్ తగ్గుతుంది. రెపోకి ముడిపడ్డ లోన్ల మీద వచ్చే వడ్డీ వెంటనే పడిపోతుంది. నిన్న మొన్న ఎక్కువ రేటుకి తీసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద మాత్రం గడువు తీరేదాకా పాత వడ్డీయే కట్టాలి. వచ్చేది ముందు తగ్గి, పోయేది ఆలస్యంగా తగ్గుతుంది. ఒక్కసారి కాగితం మీద వేసుకుంటే మర్చిపోరు. ఇంటర్వ్యూ ముందురోజు మాత్రం రెపో, సీఆర్‌ఆర్, ఎస్‌ఎల్‌ఆర్ అంకెలు ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో మళ్లీ చూసుకోండి. ఈ మధ్యలో పాలసీ మీటింగ్ జరిగి ఉంటే పాత అంకె చెప్పడం చాలా చేటు.

ఇదే తీరుగా ఇంకో మూడు చాలు. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులు బ్యాచ్‌లుగా కాకుండా రోజంతా క్లియర్ కావడం. నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు. బంగారం లోన్లపై ఆర్‌బీఐ కొత్త మార్గదర్శకాలు: రెండున్నర లక్షల వరకు ఇచ్చే లోన్‌లో నగ విలువలో 85 శాతం దాకా, ఐదు లక్షల వరకు 80, ఆపైన 75. మన దగ్గర బంగారం తాకట్టు పెట్టని ఇల్లు అరుదు, కాబట్టి ఈ చివరిది బాగా చూసుకోండి.

మీ జిల్లా వార్త ఒకటి తప్పనిసరిగా ఉంచుకోండి. మిరప ధరలు పడిపోయినప్పుడు 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీం కింద క్వింటాల్‌కు 11,781 రూపాయల ధర ప్రకటించింది. "ధర పడితే మీ బ్యాంకుకేంటి?" అని అడగొచ్చు. రైతులు టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఆ రసీదు మీద లోన్ తీసుకుంటారు. ధర పడితే ఆ సరుకు విలువ పడి, బ్యాంకు పెట్టుకున్న మార్జిన్ కరిగిపోతుంది. యార్డుకి వెళ్లి వచ్చిన మీకు ఇది పుస్తకం చూడకుండానే అర్థం కావాలి.

ఒక్క ప్రశ్న దగ్గర జాగ్రత్త. రైతు కుటుంబం అనగానే "రుణమాఫీ మంచిదేనా?" అని అడుగుతారు. 2024లో తెలంగాణలో రెండు లక్షల వరకు మాఫీ జరిగింది, ఆ ప్రస్తావన రావచ్చు. ఏ పార్టీ పేరూ ఎత్తకండి, ఏ ప్రభుత్వాన్నీ పొగడకండి, తిట్టకండి. రైతు కొడుకుగా ఒక మాట, కాబోయే బ్యాంకర్‌గా ఒక మాట చెప్పండి. పంట పోయిన ఏడాది మాఫీ ఇంటిని నిలబెడుతుంది. కానీ మాఫీ వస్తుందన్న మాట వినబడగానే కట్టగలిగిన వాళ్లు కూడా రెన్యువల్‌కి రావడం మానేస్తారు. నేను పనిచేసిన ఒక బ్రాంచిలో ఏడాది పొడవునా ఇది చూశాను. రెన్యువల్ ఆగితే ఆ మూడు శాతం రాయితీ పోయి, చివరికి మాఫీ రాకపోతే నష్టపోయేది ఆ రైతే. ఇలా చెప్పి, మీ అభిప్రాయం ఒక వాక్యంలో తేల్చండి. గోడమీద పిల్లిలా ఉండకండి, అలాగని వాదనకూ దిగొద్దు.

తెలియని ప్రశ్న వస్తే "సారీ సార్, తెలియదు, తెలుసుకుంటాను" అని వెంటనే చెప్పేయండి. రెండుసార్లు అలా అన్నంత మాత్రాన మార్కులు పోవు. ఊహించి అంకె చెబితే మాత్రం, అప్పటిదాకా సరిగ్గా చెప్పిన అంకెల మీద కూడా వాళ్లకు అనుమానం వస్తుంది. ఇంటర్వ్యూ ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తుంది. నేను తెలుగులో రాసిన జవాబుల్ని మీకు వచ్చిన ఇంగ్లీషులో, చిన్న వాక్యాల్లో రోజూ బయటికి చెప్పుకోండి. లోపల చదువుకుంటే సరిపోదు, నోరు తిరగాలి. ఫోన్‌లో రికార్డు చేసి వింటే ఎక్కడ నసుగుతున్నారో మీకే తెలుస్తుంది.

మొదటి వారం మీ సొంత కాగితానికి, బ్రాంచి విజిట్‌కి ఇవ్వండి. రెండో వారం ఆ యాభై పేజీలు, వార్తలు. మూడో వారం ఎవరైనా ఇద్దరు ముగ్గురి ముందు కూర్చుని మాక్‌లు. ఈరోజు సాయంత్రం మాత్రం నాన్నగారి దగ్గర కూర్చుని ఆయన లోన్ పాస్‌బుక్ అడిగి తీసుకోండి. లిమిట్ ఎంత, ఎప్పుడు తీసుకున్నారు, ఆఖరిసారి రెన్యువల్ ఏ తేదీన అయింది, రాయితీ పడిందా లేదా, ఈ నాలుగూ రాసుకుని ఇక్కడ పెట్టండి. అంకెలు చూసి బోర్డు ఏమేం అడగగలదో నేను రాస్తాను.